రైట్స్ ఇష్యూ: రూ.200 షేరు రూ.120కి ఇస్తే ఆ తేడా ఎవరిది?

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు రొయ్యల చెరువులున్నాయి. నాన్న పేరు మీద ఒక కంపెనీవి 300 షేర్లున్నాయి, రూ.150 చొప్పున కొన్నవి. ఇప్పుడు మూడు షేర్లకి ఒక కొత్త షేరు చొప్పున 1:3 రైట్స్ ఇష్యూ, ధర రూ.120 అన్నారు. రికార్డ్ డేట్‌కి, అంటే హక్కు ఎవరికో కంపెనీ తేల్చే రోజుకి, ముందు రోజు షేరు రూ.200 ఉంది, మర్నాడు రూ.181కి పడింది. డీమ్యాట్‌లో RE అని 100 వచ్చాయి. డబ్బంతా మేతకి పోయింది, పట్టుబడికి ఇంకా టైముంది, కాబట్టి వదిలేద్దాం అంటున్నారు నాన్న. వదిలేస్తే నష్టమా? ధర ఎలా పెడతారు? నేను బీకాం చదువుతున్నా, పుస్తకాల్లో ఎలా రాస్తారో కూడా చెప్పండి.

సమాధానం:

వదిలేయొద్దని నాన్నగారికి చెప్పండి. కట్టడానికి డబ్బు లేకపోతే ఆ 100 ఆర్ఈలు, అంటే కొత్త షేర్లు రూ.120కి తీసుకునే హక్కులు, అమ్మేయమనండి. ఈ రెండూ కాకుండా ఊరుకుంటే దాదాపు రూ.6,000 చేజారిపోతుంది, అది కూడా వేరేవాళ్ళ చేతిలో పడుతుంది.

ముందు ఆ రూ.200 ఎందుకు రూ.181 అయిందో చూద్దాం. ఇది అర్థమైతే మిగతాదంతా దాని వెంటే వస్తుంది. ముగ్గురు కలిసి ఒక చెరువు చేస్తున్నారనుకోండి. చెరువు, మేత, ఏరేటర్లు అన్నీ కలిపి విలువ రూ.6 లక్షలు, అంటే ఒక్కొక్కరి వాటా రూ.2 లక్షలు. నాలుగో మనిషి వచ్చి రూ.1.20 లక్షలే పెట్టి సమాన వాటా తీసుకున్నాడు. ఇప్పుడు మొత్తం రూ.7.20 లక్షలు, వాటాలు నాలుగు, ఒక్కోటి రూ.1.80 లక్షలు. కొత్తాయన పెట్టింది రూ.1.20 లక్షలు, దక్కింది రూ.1.80 లక్షలు. ఆ అదనపు రూ.60 వేలు పాత ముగ్గురి వాటాల్లోంచి తలా రూ.20 వేల చొప్పున వచ్చాయి. మీ కంపెనీలో జరిగింది సరిగ్గా ఇదే. మూడు పాత షేర్లు రూ.200 చొప్పున, ఒక కొత్త షేరు రూ.120:

(3 × 200 + 1 × 120) ÷ 4 = 180

దీన్ని సిద్ధాంత ప్రకారం రైట్స్ తర్వాతి ధర అంటారు. కామర్స్ పుస్తకాల్లో దీని పొట్టి పేరు టెర్ప్. మార్కెట్ దీన్ని అంకె తప్పకుండా పాటించదు, అందుకే మీకు రూ.181 కనిపించింది. ఆ రోజు కంపెనీకి చెడు ఏమీ జరగలేదు. ముందు రోజు వరకు షేరు కొన్నవాళ్ళకి హక్కు కూడా కలిసి వచ్చేది, ఆ ఉదయం నుంచి హక్కు విడిపోయింది, అంతే. (మన దగ్గర సెటిల్‌మెంట్ ఒక్క రోజులో అవుతుంది కాబట్టి రికార్డ్ డేట్ నాడే కొన్నవాళ్ళకి హక్కు రాదు. ముందు రోజుకల్లా కొని ఉండాలి. చాలామంది ఈ ఒక్క రోజు తేడాతో దెబ్బతింటారు.)

చెరువు లెక్కలో నాలుగోవాడు బయటివాడు. రైట్స్ ఇష్యూలో ఆ నాలుగో వాటా తీసుకునే అవకాశం మొదట పాతవాళ్ళకే ఇవ్వాలి. కంపెనీల చట్టం 2013లోని 62వ సెక్షన్ చెప్పేది అదే. ఎవరికి ఎన్ని షేర్లుంటే ఆ నిష్పత్తిలోనే ఆఫర్ ఇవ్వాలి, వద్దనుకున్నవాళ్ళు తమ హక్కుని ఇంకొకరికి బదిలీ చేసుకోవచ్చు. పాతవాళ్ళ షేరు మీద తగ్గిన రూ.20 వాళ్ళ హక్కులోకి చేరుతుంది. మీ నాన్నగారి ఖాతాలో కనిపిస్తున్న 100 ఆర్ఈలే ఆ హక్కు. 2020 నుంచి మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ వీటిని నేరుగా డీమ్యాట్‌లో వేయిస్తోంది, వీటికి విడిగా ఐఎస్ఐఎన్ అనే గుర్తింపు నంబరు కూడా ఉంటుంది. అంతకుముందు ఇంటికి ఫారం వచ్చేది, దాంతో హక్కు బదిలీ చెయ్యడం పెద్ద పని. పల్లెటూళ్ళలో చాలా ఫారాలు బీరువాల్లోనే ఉండిపోయేవి.

ఒక్కో ఆర్ఈ విలువ ఎంత? రూ.180 షేరుని రూ.120కి తీసుకునే హక్కు కాబట్టి రూ.60. నాన్నగారి ముందున్న దారులు చూడండి. రికార్డ్ డేట్ ముందు ఆయన ఆస్తి 300 × 200, అంటే రూ.60,000.

రూ.12,000 కట్టి 100 షేర్లు తీసుకుంటే 400 షేర్లవుతాయి. రూ.180 చొప్పున రూ.72,000. కట్టిన రూ.12,000 తీసేస్తే మళ్ళీ రూ.60,000. లాభం లేదు, నష్టం లేదు.

ఆర్ఈలు అమ్మేస్తే చేతికి రూ.6,000. 300 షేర్ల విలువ రూ.54,000. కలిపితే రూ.60,000. ఇక్కడా లాభనష్టాల్లేవు. కంపెనీలో ఆయన వాటా శాతం మాత్రం తగ్గుతుంది, తగ్గిన భాగానికి డబ్బు చేతికొచ్చింది.

ఏమీ చేయకపోతే 300 షేర్లు, రూ.54,000. రూ.6,000 పోయినట్టే. ఇష్యూ ముగిసిన రోజు ఆర్ఈలు రద్దయిపోతాయి.

డబ్బంతా మేతలో ఉందన్నారు కాబట్టి నాలుగో దారి కూడా చెప్తాను, మీకు సరిపోయేది బహుశా ఇదే. కొన్ని ఆర్ఈలు అమ్మి, ఆ డబ్బుతోనే మిగతావాటికి కట్టండి. 67 ఆర్ఈలు రూ.60కి అమ్మితే రూ.4,020 వస్తుంది. మిగిలిన 33కి కట్టాల్సింది రూ.3,960. జేబులోంచి రూపాయి తీయకుండా 333 షేర్లవుతాయి, పైగా రూ.60 మిగులుతుంది. విలువ చూస్తే 333 × 180 = రూ.59,940, ఆ రూ.60 కలిపితే రూ.60,000. బ్రోకరేజీ, పన్ను ఏదో కాస్త పోతుంది.

ఇప్పుడు ధర సంగతి. రైట్స్ ధర ఎంత ఉండాలో సెబీ సూత్రం పెట్టలేదు. కొందరికే ఇచ్చే ప్రిఫరెన్షియల్ కేటాయింపుకి కనీస ధర లెక్క ఉంటుంది గానీ, రైట్స్‌కి లేదు. కంపెనీ బోర్డే నిర్ణయిస్తుంది. చట్టం పెట్టే హద్దు ఒక్కటే, ముఖవిలువ కంటే తక్కువకి ఇవ్వకూడదు. ఇంత స్వేచ్ఛ ఎందుకంటే, ఆఫర్ పాతవాళ్ళందరికీ ఒకే నిష్పత్తిలో వెళ్తుంది కాబట్టి ఎంత చవగ్గా ఇచ్చినా ఒకరి సొమ్ము ఇంకొకరికి పోకూడదు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. 'డిస్కౌంట్ ఎక్కువుంటే మనకి అంత లాభం' అనుకుంటారు. అది నిజం కాదు. అదే కంపెనీ మీద ఇంకో లెక్క వేసి చూద్దాం.

కంపెనీకి 3 కోట్ల షేర్లున్నాయనుకోండి. రూ.120 చొప్పున కోటి షేర్లు ఇస్తే రూ.120 కోట్లు వస్తాయి. అదే రూ.120 కోట్లు రూ.60 ధరకి తేవాలంటే 2 కోట్ల షేర్లు ఇవ్వాలి, అంటే ప్రతి మూడుకీ రెండు. అప్పుడు రైట్స్ తర్వాతి ధర (3 × 200 + 2 × 60) ÷ 5 = రూ.144. మీ నాన్నగారికి 200 ఆర్ఈలు వస్తాయి, కట్టాల్సింది మళ్ళీ రూ.12,000. కడితే 500 షేర్లు, రూ.144 చొప్పున రూ.72,000. ఇష్యూ ధర సగానికి తగ్గినా ఆయన చేతికి ఒక్క రూపాయి అదనంగా రాలేదు. అమ్మినా అంతే, ఒక్కో ఆర్ఈ రూ.84 చొప్పున రూ.16,800 వస్తుంది, షేర్లు రూ.43,200, మొత్తం రూ.60,000. కానీ వదిలేస్తే పోయేది ఈసారి రూ.6,000 కాదు, రూ.16,800. కట్టేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ రైట్స్ ధరతో పని లేదు. ఊరుకునేవాళ్ళకి మాత్రం ధర ఎంత తక్కువైతే నష్టం అంత ఎక్కువ. ఈ ప్రశ్నలో నేను చెప్పదలుచుకున్న అసలు మాట ఇదేనండి.

మరి కంపెనీ డిస్కౌంట్ ఎందుకిస్తుంది? ఆఫర్ తెరిచి ఉన్న రోజుల్లో మార్కెట్ ధర ఇష్యూ ధర కిందికి జారితే ఎవరూ కట్టరు. బజార్లో రూ.115కి దొరికేదాన్ని కంపెనీ దగ్గర రూ.120కి ఎందుకు కొంటారు? మామూలుగా ఇష్యూలో కనీసం 90 శాతానికి దరఖాస్తులు రాకపోతే డబ్బు వెనక్కివ్వాలి. ఆ భయంతోనే మధ్యలో ఖాళీ ఉంచుతారు. షేరు ధర బాగా ఊగే కంపెనీలు ఎక్కువ ఖాళీ ఉంచుతాయి. మీ విషయంలో కూడా చివరి రోజుల్లో ధర గమనించండి. ఒకవేళ రూ.120 కిందికి వస్తే ఆర్ఈ విలువ సున్నా అయిపోతుంది, అప్పుడు దరఖాస్తు పెట్టకపోవడమే మంచిది.

వదిలేసిన ఆర్ఈల డబ్బు ఎవరికి పోతుందో కూడా తెలుసుకోవాలి. కంపెనీకి కాదు. దరఖాస్తులో తమ హక్కు కంటే అదనంగా షేర్లు అడిగే వీలుంటుంది. వదిలేసిన షేర్లు అలా అడిగినవాళ్ళకి అదే రూ.120కి వెళ్తాయి. చాలా ఇష్యూల్లో ఈ అదనపు షేర్లు అడిగేవాళ్ళలో ప్రమోటర్లు ముందుంటారు. చిన్న వాటాదారులు ఎంతమంది నిద్రపోతే వాళ్ళకి అంత చవగ్గా వాటా పెరుగుతుంది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, కాబట్టి ఎవరూ వచ్చి లేపరు. నన్నడిగితే, తెలియక వదిలేసేవాళ్ళకి తర్వాత ఆ డబ్బు దక్కే మార్గం చట్టంలో ఉండాలి.

కట్టాలా, అమ్మాలా అన్నది వేరే ప్రశ్న. పైన లెక్కలో రెండింటికీ తేడా లేదు, తేడా వచ్చేది కంపెనీ ఆ రూ.120 కోట్లతో ఏం చేస్తుందన్న దాంట్లో. ఆఫర్ లెటర్ తీసి 'ఇష్యూ ఉద్దేశాలు' అన్న పేజీ చదవండి. కొత్త ప్లాంటుకా, అప్పు తీర్చడానికా, లేక 'సాధారణ కార్పొరేట్ అవసరాలు' అని ముక్తసరిగా రాశారా? అప్పు తీర్చడం చెడ్డపనేం కాదు, వడ్డీ తగ్గుతుంది. కానీ కొన్నేళ్ళకొకసారి అదే కారణం చెప్పి మళ్ళీ మళ్ళీ చేయి చాస్తోందంటే నేనైతే ఆర్ఈలు అమ్మి బయటపడతాను. ప్రమోటర్లు తమ వాటా మొత్తానికీ కడతామని రాసిచ్చారా అన్నది కూడా చూడండి. తమ ఆర్ఈలు వాళ్ళే అమ్ముకుంటున్నారంటే మనం ఆలోచించుకోవాలి.

ఇక మీ బీకాం భాగం. ఆర్ఈలు డీమ్యాట్‌లో పడిన రోజు కంపెనీ పుస్తకాల్లో ఏ పద్దూ ఉండదు. మీ నాన్నగారు వాటిని రూ.60కి ఎవరికో అమ్మినా ఉండదు, అది ఇద్దరు ఇన్వెస్టర్ల మధ్య వ్యవహారం. పద్దు మొదలయ్యేది డబ్బు వచ్చినప్పుడే. బ్యాంకు ఖాతా డెబిట్ రూ.120 కోట్లు, షేర్ అప్లికేషన్ ఖాతా క్రెడిట్ రూ.120 కోట్లు. కేటాయింపు నాడు అప్లికేషన్ ఖాతాని డెబిట్ చేసి, ముఖవిలువ రూ.10 చొప్పున ఈక్విటీ షేర్ క్యాపిటల్‌కి రూ.10 కోట్లు, మిగిలిన రూ.110 చొప్పున సెక్యూరిటీస్ ప్రీమియంకి రూ.110 కోట్లు క్రెడిట్ చేస్తారు. ఇష్యూ ఖర్చులు రూ.1.5 కోట్లు అయ్యాయనుకుంటే వాటిని లాభనష్టాల ఖాతాకి తీసుకెళ్ళకుండా ప్రీమియంలోంచే తగ్గించవచ్చు, అప్పుడు అక్కడ రూ.108.5 కోట్లు మిగులుతుంది. మార్కెట్ ధర రూ.200కీ ఇష్యూ ధర రూ.120కీ మధ్య ఉన్న రూ.80 పుస్తకాల్లో ఎక్కడా కనపడదు. పరీక్షల్లో పిల్లలు దాన్ని 'డిస్కౌంట్ ఆన్ ఇష్యూ' అని రాసి మార్కులు పోగొట్టుకుంటుంటారు. పుస్తకాలకి డిస్కౌంట్ అంటే ముఖవిలువ కంటే తక్కువ, అది చట్టమే ఒప్పుకోదు.

డబ్బు వాయిదాల్లో అడిగితే పద్దులు కూడా వాయిదాల్లోనే నడుస్తాయి. 2020లో రిలయన్స్ రైట్స్ ఇష్యూ మంచి ఉదాహరణ. 15 షేర్లకి ఒకటి, ధర రూ.1,257, మొత్తం రూ.53 వేల కోట్ల పైమాట. దరఖాస్తుతో కట్టమన్నది రూ.314.25 మాత్రమే. అందులో రూ.2.50 ముఖవిలువ ఖాతాకి, రూ.311.75 ప్రీమియంకి. మిగతాది 2021లో రెండు కాల్స్‌గా అడిగారు, మొదట రూ.314.25, తర్వాత రూ.628.50. అప్పటిదాకా ఆ షేర్లు పాక్షికంగా చెల్లించినవిగా ఎక్స్ఛేంజీల్లో విడిగా ట్రేడయ్యాయి. అలాంటివి తీసుకున్నాక కాల్ కట్టకపోతే షేర్లు జప్తయ్యే ప్రమాదం ఉంటుంది. మీ ఆఫర్ లెటర్‌లో రూ.120 ఒకేసారి కట్టాలా, వాయిదాలా అన్నది చూసుకోండి.

ఇంకొక చోట కూడా రైట్స్ ఆనవాలు కనిపిస్తుంది, షేరుకి ఆదాయం దగ్గర. పోయినేడు లాభం రూ.24 కోట్లు, 3 కోట్ల షేర్లు, ఈపీఎస్ రూ.8 అనుకోండి. కొత్త షేర్లు మార్కెట్ కంటే చవగ్గా ఇచ్చారు కాబట్టి వాటిలో కొంత భాగం ఉచితంగా పంచినట్టే, అంటే బోనస్ లాంటిది. అందుకని పాత ఈపీఎస్‌ని కూడా తగ్గించి చూపించమంటుంది ఇండ్ ఏఎస్ 33 అనే అకౌంటింగ్ ప్రమాణం. 200ని 180తో భాగించగా వచ్చే 1.11తో పాత రూ.8ని భాగిస్తే రూ.7.20. వచ్చే ఏడాది రిపోర్టులో పోయినేడు కింద రూ.8 బదులు రూ.7.20 కనిపిస్తే కంగారుపడొద్దు, లెక్కలు మార్చేశారని అనుకోవద్దు.

మీ ఇంటి లెక్కలో మాత్రం జాగ్రత్త ఉండాలి. నాన్నగారి 300 పాత షేర్ల కొనుగోలు ధర రూ.150 అలాగే ఉంటుంది, షేరు ధర తగ్గిందని దాన్ని తగ్గించకూడదు. కొత్త 100 షేర్ల ఖరీదు కట్టిన రూ.120, వాటికి కాలం లెక్క కేటాయింపు తేదీ నుంచి. బ్రోకర్ యాప్ రెండూ కలిపి సగటు రూ.142.50 అని చూపిస్తుంది, పన్నుకి ఆ సగటు పనికిరాదు. అమ్మినప్పుడు ముందొచ్చినవి ముందు పోయినట్టు లెక్క. ఆర్ఈలు అమ్మితే వాటి ఖరీదు సున్నా, వచ్చిన రూ.6,000 మొత్తం స్వల్పకాలిక మూలధన లాభమే. కంపెనీ ఆఫర్ చేసిన రోజు నుంచే కాలం లెక్క కాబట్టి పాత షేర్లు పదేళ్ళ నాటివైనా దీర్ఘకాలికం కాదు. మన వైపు రిటర్నుల్లో దీన్ని చూపించడం మర్చిపోతుంటారు, చిన్న మొత్తమే అయినా బ్రోకర్ స్టేట్‌మెంట్‌లో ఉంటుంది.

చివరగా, పని ఎలా చెయ్యాలో చెప్తాను. అమ్మాలంటే బ్రోకర్ యాప్‌లో కంపెనీ పేరు చివర RE అని ఉన్న స్క్రిప్ వెతకండి. ఇవి డెలివరీగానే అమ్మాలి, ఇంట్రాడే కుదరదు. ఇష్యూ ముగియడానికి కొన్ని పనిదినాల ముందే ఆర్ఈల ట్రేడింగ్ ఆగిపోతుంది. ఆఖరి రోజు అమ్మకాలు ఒక్కసారిగా వచ్చిపడి ఆర్ఈ ధర లెక్క కంటే తక్కువకి పోవడం మామూలే, అందుకని మొదటి రోజుల్లోనే అమ్మేయండి. షేరు రూ.181 ఉంటే ఆర్ఈకి రూ.61కి కాస్త అటూ ఇటూగా రావాలి. బాగా తక్కువ చూపిస్తే లిమిట్ ఆర్డర్ పెట్టండి.

కట్టాలంటే ఆర్ఈలు ఖాతాలో ఉండటం చాలదు, విడిగా దరఖాస్తు పెట్టాలి. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. బజార్లో ఆర్ఈలు కొనుక్కుని, అవే షేర్లయిపోతాయని కూర్చున్నవాళ్ళు మొత్తం పోగొట్టుకుంటారు. దరఖాస్తు ఆస్బా ద్వారానే, అంటే బ్యాంకు ఖాతాలో డబ్బు బ్లాక్ అయి, కేటాయింపు అయ్యాకే కట్ అవుతుంది. అన్ని బ్యాంకుల్లోనూ ఆస్బా ఉండదు. మీ లావాదేవీలన్నీ ఊళ్ళోని సొసైటీ బ్యాంకులోనే ఉంటే ముందే కనుక్కోండి. ఇంకో విషయం, షేర్లు నాన్నగారివి కాబట్టి డబ్బు ఆయన ఖాతాలోంచే బ్లాక్ అవ్వాలి. మీ ఖాతా నుంచి పెడితే దరఖాస్తు తిరస్కరిస్తారు. ఆయన ఖాతాకి నెట్‌బ్యాంకింగ్ లేకపోతే కాగితం మీద నింపి భీమవరంలో ఆస్బా ఉన్న బ్యాంకు బ్రాంచిలో ఇవ్వొచ్చు. ఇష్యూ కనీసం వారం తెరిచి ఉంటుంది, చెరువు పనుల్లో వారం ఇట్టే గడిచిపోతుంది. 67 అమ్మి 33కి కట్టే దారి ఎంచుకుంటే మొదటి రోజు అమ్మండి. ఆ డబ్బు బ్రోకర్ దగ్గరుంటుంది, దాన్ని నాన్నగారి బ్యాంకు ఖాతాకి తెప్పించుకున్నాకే ఆస్బా పెట్టగలరు. దానికి మధ్యలో రెండు మూడు రోజులు ఉంచుకోండి.